గుణకారం ఎక్కడ ఆగాలి?

పదమూడేళ్ల పిల్లవాడికి జ్వరం వచ్చింది. బరువు 36 కిలోలు. పిల్లల సిరప్ సీసా ఎప్పుడో అయిపోయింది. అల్మారాలో తండ్రి వేసుకునే పారాసెటమాల్ 650 మాత్రల పట్టీ ఉంది. వాడు తండ్రి భుజం దాకా ఎదిగాడు, మాత్రను గుక్కెడు నీళ్లతో మింగేస్తాడు. ఇక పెద్దవాళ్ల మాత్రే వేసేద్దామా? ఈ ప్రశ్న రాని ఇల్లు ఉండదు. దీనికి జవాబు వయసులో లేదు, ఎత్తులోనూ లేదు. రెండు అంకెల్లో ఉంది.

మొదటి అంకె కిలోకు ఎంత అన్నది. పారాసెటమాల్‌ను పిల్లలకు ఒక డోసులో కిలో బరువుకు 15 మిల్లీగ్రాములకు మించకుండా ఇస్తారు. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, రోజుకు నాలుగు డోసులు దాటకూడదు. అంటే రోజు మొత్తానికి కిలోకు 60 మిల్లీగ్రాములు. రెండో అంకె పెద్దల గరిష్ఠ మోతాదు. ఎంత బరువున్న మనిషికైనా ఒకసారికి 1000 మిల్లీగ్రాములు, రోజుకు 4000 మిల్లీగ్రాములు దాటకూడదు.

మన పిల్లవాడికి లెక్క వేద్దాం. 36ను 15తో గుణిస్తే 540. కాబట్టి 500 మిల్లీగ్రాముల మాత్ర వాడికి సరిపోతుంది. 650 మాత్ర వేస్తే కిలోకు 18 మిల్లీగ్రాములు పడుతుంది. ఒక్కసారి పొరపాటున వేసినంత మాత్రాన ప్రమాదమేమీ రాదు. కానీ అదే మాత్ర రోజుకు నాలుగుసార్లు వేస్తే మొత్తం 2600 మిల్లీగ్రాములు, కిలోకు 72. జ్వరంతో అన్నం సరిగా తినని పిల్లవాడికి మూడు నాలుగు రోజులు ఇలాగే వేసి, పైన జలుబు మాత్ర కూడా కలిపితే పరిస్థితి మారిపోతుంది. చాలా జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది. పట్టీ వెనక సన్నటి అక్షరాల్లో రాసే ఉంటుంది గానీ, జలుబు మందు, జ్వరం మందు వేరువేరు అనుకుని రెండూ వేసేస్తాం. 650 మాత్ర కిలోకు 15 హద్దులోకి రావాలంటే పిల్లవాడు 43 కిలోలు దాటాలి. 1000 మిల్లీగ్రాముల డోసు హద్దులోకి రావాలంటే 67 కిలోలు ఉండాలి. మన ఊళ్లలో ఎందరో పెద్దవాళ్లే అంత బరువుండరు. గరిష్ఠ మోతాదు అంటే దాటకూడని గీత. అందరూ చేరుకోవాల్సిన గమ్యం కాదు.

కిలోల లెక్క ఎందుకు, పైగీత ఎందుకు

చిన్నపిల్లల మోతాదును కిలోల్లో లెక్కగట్టడానికి కారణం తేలికగానే అర్థమవుతుంది. ఆరు కిలోల పసిబిడ్డకూ ఇరవై కిలోల బడిపిల్లకూ ఒకే మోతాదు ఇవ్వలేం. కానీ కిలోల లెక్క శరీరం లోపల జరిగే పనికి అచ్చంగా నకలు కాదు. అది ఉజ్జాయింపు మాత్రమే.

మందును శరీరం నుంచి బయటికి పంపే పని ఎక్కువగా కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. చిన్నపిల్లల్లో శరీరం మొత్తంలో కాలేయం వాటా పెద్దవాళ్లలో కన్నా ఎక్కువ. పసితనం దాటిన పిల్లల్లో కిలోకు ఖర్చయ్యే శక్తి కూడా ఎక్కువే. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త రకరకాల జంతువుల బరువులూ, అవి విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తీ పక్కపక్కన పెట్టి చూశాడు. బరువు రెట్టింపయితే శక్తి ఖర్చు రెట్టింపు కావడం లేదు, సుమారు 1.7 రెట్లు మాత్రమే అవుతోంది. మందులను వదిలించుకునే సామర్థ్యం కూడా రెండేళ్లు దాటిన పిల్లల్లో దాదాపు ఈ లెక్కనే అనుసరిస్తుందని తర్వాత మందుల శాస్త్రజ్ఞులు గమనించారు.

దీని అర్థమేమిటో చూద్దాం. 35 కిలోల పిల్లవాడు 70 కిలోల మనిషి అయ్యాడు. బరువు రెట్టింపయింది కాబట్టి మందునూ రెట్టింపు చేశాం. కానీ దాన్ని వదిలించుకునే శక్తి 1.7 రెట్లే పెరిగింది. ఫలితంగా రక్తంలో మందు మునుపటి కన్నా ఎక్కువగా నిలుస్తుంది. అందుకే కిలోకు ఇవ్వాల్సిన మోతాదు పిల్లవాడు ఎదిగేకొద్దీ తగ్గుతూ రావాలి. పుస్తకాలు ఆ తగ్గుదలను మెట్టు మెట్టుగా చెప్పకుండా చాలా మందులకు ఒకే కిలో అంకె ఇచ్చి, పైన ఒక గీత గీస్తాయి. గుణకారం ఆ గీత దగ్గర ఆగాలి.

క్షయ మందు ఐసోనియాజిడ్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలకు కిలోకు 10 మిల్లీగ్రాములు, పెద్దలకు కిలోకు 5. రోజుకు గరిష్ఠంగా 300. ముప్పై కిలోల పిల్లవాడికి 300 మిల్లీగ్రాములు పడతాయి. అరవై కిలోల తండ్రికీ అవే 300 పడతాయి. చూడ్డానికి వింతగా ఉన్నా ఇద్దరికీ మోతాదు సరైనదే. ఎందుకంటే పిల్లవాడి శరీరం ఆ మందును కిలో లెక్కన ఎక్కువ వేగంగా ఖర్చు చేస్తుంది.

పైగీతకు మరో రెండు కారణాలున్నాయి. మొదటిది హాని. పారాసెటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచేసే గ్లూటాథయోన్ అనే పదార్థం కాలేయంలో పరిమితంగానే నిల్వ ఉంటుంది. ఆ నిల్వ అయిపోయాక పడే ప్రతి మాత్రా కాలేయ కణాలను కాలుస్తుంది. తిండి తినని రోజుల్లో ఈ నిల్వ ఇంకా తక్కువ. రెండోది ప్రయోజనం. నొప్పికి ఐబూప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు ఇస్తే వచ్చే ఉపశమనం, ఆపైన మోతాదు పెంచితే చెప్పుకోదగ్గంత పెరగదు. కడుపుకూ మూత్రపిండాలకూ జరిగే నష్టం మాత్రం పెరుగుతుంది.

ఏ మందుకు ఆ మందే సరిహద్దు

పిల్లల మోతాదు నుంచి పెద్దల మోతాదుకు మారే వయసు ఏది అని తల్లిదండ్రులు అడుగుతారు. పన్నెండేళ్లా, పద్నాలుగేళ్లా, పద్దెనిమిదేళ్లా? అన్ని మందులకూ చెల్లే ఒకే వయసు లేదు. ప్రతి మందుకూ ఒక సరిహద్దు బరువు ఉంటుంది. దాన్ని కనుక్కోవడం ఎవరికైనా సాధ్యమే:

సరిహద్దు బరువు = పెద్దల గరిష్ఠ మోతాదు ÷ కిలోకు ఇచ్చే మోతాదు

ఐబూప్రోఫెన్ కిలోకు 10 మిల్లీగ్రాములు, ఒకసారికి 400 గరిష్ఠం అనుకుంటే సరిహద్దు 40 కిలోలు. పారాసెటమాల్‌కు 67 కిలోలు. ఐసోనియాజిడ్‌కు 30 కిలోలు. పిల్లల్లో మూత్రంలో ప్రొటీన్ పోయే నెఫ్రోటిక్ జబ్బుకు ప్రెడ్నిసొలోన్‌ను మొదట్లో రోజుకు కిలోకు 2 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 60 ఇస్తారు. దాని సరిహద్దూ 30 కిలోలే. అంటే నలభై కిలోలున్న ఒకే పిల్లవాడు ఒక మందు విషయంలో ఇప్పటికే పెద్దవాడు, మరో మందు విషయంలో ఇంకా పిల్లవాడు.

మన దేశపు క్షయ నిర్మూలన కార్యక్రమం ఇదే సూత్రాన్ని పట్టికగా మార్చుకుంది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లయినా సరే, 39 కిలోలు దాటితే పెద్దల బరువు పట్టికలోకి వస్తారు. అక్కడ కూడా మాత్రల సంఖ్యను బరువే నిర్ణయిస్తుంది. చికిత్స మొదలయ్యాక ఆకలి పుట్టి, ఒళ్లు చేసి, పిల్లవాడు పై వరుసలోకి వెళ్తే మాత్రలూ మారాలి. అందుకే ప్రతి నెలా తూకం చూస్తారు.

సరిహద్దు దాటిన తర్వాత కూడా గుణించడం ఒక తప్పు. పద్నాలుగేళ్ల అబ్బాయి, 85 కిలోలు. 85ను 15తో గుణిస్తే పారాసెటమాల్ 1275 మిల్లీగ్రాములు అని వస్తుంది. పెద్దలకే వద్దన్న మోతాదును పిల్లవాడికి ఇచ్చినట్టవుతుంది. పైగా వాడి బరువులో ఎక్కువ భాగం కొవ్వు అయితే ఆ కొవ్వు మందును కాల్చి పారేయదు. కాలేయం కొవ్వుతో సమానంగా పెరగదు. ఇలాంటి పిల్లలకు చాలా మందులను ఎత్తుకు తగ్గ బరువు ప్రకారం లెక్కగడతారు.

రోజు మోతాదును ఒకసారి మోతాదుగా చదవడం ఇంకో తప్పు. కిలోకు 30 మిల్లీగ్రాములు అని ఉంటే అది రోజు మొత్తానికా, ఒక్కో డోసుకా? చిన్నపిల్లవాడికి ఈ పొరపాటు జరిగితే సిరప్ పరిమాణం వింతగా కనిపించి ఎవరో ఒకరు ఆపుతారు. యాభై కిలోల కుర్రవాడికి జరిగితే వచ్చే అంకె పెద్దల మోతాదులాగే కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. యుక్తవయసు పిల్లల చీటీలను రెండోసారి చూడాల్సింది ఇందుకే.

ఒళ్లు ఒక్కసారిగా ఎదిగే రెండేళ్లు

ఇంతవరకూ చెప్పుకున్నది మోతాదు ఎక్కువైపోయే ప్రమాదం. ఎదిగే వయసులో దానికి సరిగ్గా ఎదురుగా మరొకటి ఉంది. మోతాదు మారదు, శరీరం మారిపోతుంది.

అయిదేళ్ల నుంచి పదేళ్ల దాకా పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఆ తర్వాత ఆడపిల్లలు పన్నెండేళ్ల దగ్గర, మగపిల్లలు పద్నాలుగేళ్ల దగ్గర ఒక్కసారిగా సాగుతారు. ఆ ఏడాది అమ్మాయిలు ఎనిమిది తొమ్మిది, అబ్బాయిలు తొమ్మిది పది సెంటీమీటర్లు పెరగడం మామూలే. బరువూ ఏడాదికి ఎనిమిది తొమ్మిది కిలోల వేగంతో పెరుగుతుంది. ఆడపిల్లల్లో పొడుగు సాగే దశ ముందు వస్తుంది, రజస్వల కావడం దాని తర్వాత. అంటే పెద్దమనిషి అయిందని ఇంట్లో గుర్తించేసరికే వేగం తగ్గుముఖం పట్టి ఉంటుంది. మోతాదు చూసుకోవాల్సిన సమయం అంతకన్నా ముందే వచ్చి వెళ్తుంది.

జ్వరానికి మూడు రోజులు వేసే మందుకు ఈ వేగంతో పనిలేదు. ఆ రోజు బరువు చూస్తే చాలు. ఏళ్ల తరబడి వాడే మందులకే ఇది పరీక్ష. వాటిలో మూడింటిని దగ్గరగా చూద్దాం. మూడూ మూడు రకాలుగా నడుస్తాయి. ఒకటి బరువుతో పాటు పెరగాలి, ఇంకొకటి బరువును మించి పెరగాలి, మూడోది బరువు పెరిగినా దాదాపు అలాగే ఉండాలి.

బరువుతో నడిచే మందు: ఫిట్స్ మాత్ర

మూర్ఛకు విరివిగా వాడే లెవెటిరాసెటమ్‌ను తీసుకుందాం. పిల్లలకు పూటకు కిలోకు 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరమైతే 30 దాకా పెంచుతారు. రోజుకు రెండు పూటలు. యాభై కిలోలు దాటిన కౌమారులకు పెద్దల లెక్కే వర్తిస్తుంది. పూటకు 500తో మొదలు, గరిష్ఠంగా 1500. ఈ రెండు లెక్కలూ యాభై కిలోల దగ్గర అచ్చంగా కలుస్తాయి. యాభైని 10తో గుణిస్తే 500, 30తో గుణిస్తే 1500.

పదకొండేళ్ల అబ్బాయి, 30 కిలోలు. పూటకు 500 మాత్ర వేస్తున్నారు, అంటే కిలోకు దాదాపు 17 మిల్లీగ్రాములు. ఫిట్స్ ఆగిపోయాయి. అందరికీ ఊరట. నెలనెలా పాత చీటీ చూపించి మందుల షాపులో అదే మాత్ర తెచ్చుకుంటున్నారు. మూడేళ్లు గడిచాయి. ఇప్పుడు వాడు 52 కిలోలు. మాత్ర మారలేదు గానీ కిలో లెక్క 17 నుంచి 10 కిందికి జారింది. ఎవరూ చేయి వేయకుండానే మోతాదు పదింట నాలుగు పాళ్లు తగ్గింది. పదో తరగతి పరీక్షల ముందు రాత్రులు మేలుకుని చదువుతున్నాడు. ఒక తెల్లవారుజామున ఫిట్ వచ్చింది.

ఇంట్లో వెంటనే వచ్చే మాట, మందు పనిచేయడం మానేసిందని. కొందరు మందు మార్చమంటారు, కొందరు వైద్యమే మారుస్తారు. డాక్టరు మాత్రం మూడు విషయాలు అడగాలి. మాత్రలు తప్పాయా? నిద్ర ఎలా ఉంది? బరువెంత? మూడోది అడిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. పూటకు 750కి పెంచితే కిలోకు 14 దాటుతుంది. మొదట పనిచేసిన స్థాయికి దగ్గరగా వస్తుంది, గరిష్ఠంలో సగమే. మందు ఓడిపోలేదు. పిల్లవాడు దాన్ని దాటి ఎదిగాడు, అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బరువు పెరిగిందని ప్రతి పిల్లవాడికీ మోతాదు పెంచి తీరాలని లేదు. కొన్ని రకాల మూర్ఛలు వయసుతో పాటు వాటంతటవే తగ్గిపోతాయి. ఫిట్స్ లేకుండా హాయిగా ఉన్న పిల్లవాడికి కిలో లెక్క జారుతున్నా డాక్టరు కావాలనే వదిలేయవచ్చు, మందు ఆపే దారిలో అదొక అడుగు కావచ్చు. తెలిసి వదిలేయడానికీ, తెలియక జారిపోవడానికీ మధ్య ఉన్న తేడానే ఈ అధ్యాయం చెప్పదలచింది.

ఆడపిల్లల విషయంలో మరో మాట. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు గర్భంలోని శిశువుకు అవయవ లోపాలూ, బుద్ధిమాంద్యమూ తేగలదు. చిన్నప్పుడు మొదలైన ఆ మందు యుక్తవయసులోనూ అలవాటుగా సాగిపోకూడదు. రజస్వల కాకముందే డాక్టరుతో కూర్చుని, వేరే మందు కుదురుతుందేమో మాట్లాడుకోవాలి. అయితే భయపడి సొంతంగా ఆపేయకూడదు. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

బరువును మించి పరుగెత్తే మందు: ఇన్సులిన్

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు యుక్తవయసుకు ముందు రోజుకు కిలోకు 0.7 నుంచి 1 యూనిట్ దాకా ఇన్సులిన్ సరిపోతుంది. ఎదిగే వయసులో అది 1.2 దాటుతుంది, కొందరిలో 2 దాకా వెళ్తుంది. తిండి పెరగడం ఒక్కటే కారణం కాదు. పొడుగు సాగడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి రాత్రిపూట విడుదల చేసే గ్రోత్ హార్మోన్, ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. అదే చక్కెరను కణాల్లోకి తోయడానికి ఇప్పుడు ఎక్కువ ఇన్సులిన్ కావాలి. షుగర్ లేని పిల్లల్లోనూ ఇదే జరుగుతుంది గానీ, వాళ్ల క్లోమం తానే ఎక్కువ తయారు చేసి సర్దుకుంటుంది.

ఒక అమ్మాయిని తీసుకుందాం. పదేళ్లకు 30 కిలోలు, కిలోకు 0.8 లెక్కన రోజుకు 24 యూనిట్లు. పదమూడున్నర ఏళ్లకు 48 కిలోలు, కిలోకు 1.3 లెక్కన 62 యూనిట్లు. బరువు ఒకటిన్నర రెట్లకు కాస్త పైన పెరిగితే ఇన్సులిన్ రెండున్నర రెట్లు దాటింది. ఇల్లంతా కంగారు పడుతుంది. దొంగచాటుగా మిఠాయిలు తింటోందని అమ్మాయిని నిలదీస్తారు. పొద్దున లేవగానే షుగర్ ఎక్కువ ఉంటే రాత్రి ఏం తిన్నావని అడుగుతారు. తెల్లవారుజామున పెరిగే ఆ చక్కెరకు రాత్రి విడుదలైన గ్రోత్ హార్మోన్ పెద్ద కారణం. కొందరు అమ్మాయిల్లో నెలసరికి ముందు రోజుల్లోనూ షుగర్ ఎక్కువగా ఉంటుంది. ఇవి తెలియక నింద వేస్తే పిల్ల రీడింగులు దాచడం మొదలుపెడుతుంది. డాక్టరుకు చేరే అంకెలు అబద్ధమవుతాయి, మోతాదు లెక్క పూర్తిగా తప్పుతుంది.

దీనికి రెండో సగం కూడా ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. ఎదుగుదల ముగిశాక గ్రోత్ హార్మోన్ పెట్టే ఈ అడ్డు తగ్గుతుంది. అదే అమ్మాయి పంతొమ్మిదేళ్లకు 58 కిలోలు ఉంటే, కిలోకు 0.8 లెక్కన 46 యూనిట్లు చాలు. కాలేజీ హాస్టల్లో చేరి, మెస్‌లో ఒక పూట తిని ఒక పూట మానేస్తూ, పాత 62 యూనిట్లే వేసుకుంటే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, తికమకగా మాట్లాడటం తరచూ కనిపిస్తుంటే మోతాదు దించాల్సిన సమయం వచ్చిందని అర్థం. ఇన్సులిన్‌కు పెద్దల గరిష్ఠ మోతాదు అంటూ గీత లేదు. దాని గీత గ్లూకోమీటరులో కనిపించే అంకే.

బరువు పెరిగినా కదలని మందు: థైరాక్సిన్

మూడోది పై రెండింటికీ భిన్నం. థైరాయిడ్ గ్రంథి చాలినంత పనిచేయని పిల్లలకు ఇచ్చే లెవోథైరాక్సిన్‌ను మైక్రోగ్రాముల్లో లెక్కిస్తారు. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య రోజుకు కిలోకు 4 నుంచి 5 మైక్రోగ్రాములు. పన్నెండు దాటి ఇంకా ఎదుగుతున్నవారికి 2 నుంచి 3. ఎదుగుదల పూర్తయ్యాక సుమారు 1.6.

ఎనిమిదేళ్ల పాప, 25 కిలోలు. కిలోకు 4 చొప్పున 100 మైక్రోగ్రాములు. పద్నాలుగేళ్లకు 48 కిలోలు, కిలోకు 2 చొప్పున 96. ఇరవై ఏళ్లకు 60 కిలోలు, కిలోకు 1.6 చొప్పున మళ్లీ 96. బరువు రెట్టింపు దాటినా పొద్దున్నే వేసుకునే 100 మాత్ర మాత్రం అదే. ఇది సగటు లెక్క. నిజానికి ఒక్కొక్కరిలో కాస్త అటూ ఇటూ అవుతుంది, మధ్యలో కొంత పెంచాల్సి రావచ్చు. అయినా పాత కిలో అంకెను పట్టుకుని 48ను 4తో గుణిస్తే 192 వస్తుంది. అంత వేస్తే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం, విసుగు మొదలవుతాయి. చాలాకాలం సాగితే ఎముకలు పలచబడతాయి. తక్కువైతే ఎదుగుదల మందగిస్తుంది, చదువులో చురుకు తగ్గుతుంది, ఆడపిల్లల్లో నెలసరి గాడి తప్పుతుంది. ఎదిగే ఏళ్లలో గుణకారం కన్నా రక్తంలో టీఎస్‌హెచ్ పరీక్షే నమ్మకమైన దారి. మోతాదు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చూడాలి.

ఇంకో చిన్న సంగతి ఈ మందుకు పెద్ద అడ్డంకి అవుతుంది. బళ్లలో కౌమారులకు వారానికోసారి నీలిరంగు ఐరన్ మాత్ర ఇస్తారు. రక్తహీనత ఉన్న అమ్మాయికి డాక్టరు రోజూ ఐరన్, దానితో పాటు కాల్షియం కూడా రాస్తారు. అవి థైరాక్సిన్‌తో కలిసి కడుపులోకి వెళ్తే దాన్ని ఒంటికి పట్టనివ్వవు. అన్ని మాత్రలూ పొద్దున్నే ఒక గుక్కలో మింగే పిల్లలో టీఎస్‌హెచ్ పెరిగిపోతుంది. పిల్ల ఎదిగింది, మోతాదు చాలడం లేదు అనుకుని పెంచేస్తారు. థైరాక్సిన్‌కూ వీటికీ నాలుగు గంటల ఎడం పెడితే పాత మోతాదే చాలవచ్చు.

ఎదుగుదలనే తాకే మందులు

కొన్ని మందుల విషయంలో ప్రశ్న తలకిందులవుతుంది. ఎదుగుదల మోతాదును ఏం చేస్తుంది అని కాదు, మోతాదు ఎదుగుదలను ఏం చేస్తుంది అని చూడాలి. వీటిలో స్టీరాయిడ్లు ముఖ్యం.

నోటితో నెలల తరబడి వేసుకునే ప్రెడ్నిసొలోన్ ఎముకల చివర ఎదిగే మృదులాస్థిని నెమ్మదింపజేస్తుంది, ఎముకల్లో చేరే కాల్షియాన్ని తగ్గిస్తుంది. పెద్దయ్యాక ఉండే ఎముక పుష్టిలో దాదాపు నాలుగో వంతు ఒళ్లు ఒక్కసారిగా ఎదిగే దశ చుట్టూ ఉన్న రెండేళ్లలోనే సమకూరుతుంది. కాబట్టి ఆ రెండేళ్లలో జరిగిన నష్టం పూడ్చుకోవడం కష్టం. జబ్బు అదుపులో ఉండే కనిష్ఠ మోతాదు ఎంతో వెతకడం, వీలైతే రోజు విడిచి రోజు ఇవ్వడం, మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎత్తు కొలిచి గ్రాఫు మీద చుక్క పెట్టడం ఇందుకే. పిల్లల డాక్టరు గోడకు కట్టిన కొలబద్ద దగ్గర చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టడం వెనక ఇంత లెక్క ఉంది. అయితే స్టీరాయిడ్‌ను ఇంట్లో హఠాత్తుగా ఆపకూడదు. శరీరం సొంతంగా తయారు చేసుకునే స్టీరాయిడ్ అప్పటికే నిద్రపోయి ఉంటుంది. అది మేలుకోకముందే మందు ఆగిపోతే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఉబ్బసానికి పీల్చే స్టీరాయిడ్ ఇంతటి ప్రమాదకారి కాదు. ఉత్తర అమెరికాలో ఉబ్బసం పిల్లల మీద ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం ఒకటుంది. అందులో రోజుకు 400 మైక్రోగ్రాముల బ్యూడెసొనైడ్ పీల్చిన పిల్లలు పెద్దయ్యాక, పీల్చనివారి కన్నా సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని 2012లో తేలింది. ఆ తేడా తొలి ఏళ్లలో వచ్చిందే, తర్వాత పెరుగుతూ పోలేదు. ఈ సెంటీమీటరుకు భయపడి ఇన్‌హేలర్ పక్కన పెట్టేస్తే జరిగే నష్టం ఇంకా పెద్దది. రాత్రుళ్లు ఆయాసంతో నిద్రలేక, మాటిమాటికీ ఆస్పత్రిలో నోటి స్టీరాయిడ్లు పడే పిల్లవాడి ఎదుగుదల అంతకన్నా ఎక్కువ దెబ్బతింటుంది.

జిమ్‌లలో కండల కోసం చేతులు మారే స్టీరాయిడ్లు వేరే జాతి. అవి మగ హార్మోను రకం. పదిహేనేళ్ల కుర్రవాడు అవి వాడితే మొదట్లో కండ పెరుగుతుంది, ఒళ్లు సాగినట్టే ఉంటుంది. లోపల మాత్రం ఎముకల చివర ఎదిగే పొరలు తొందరగా మూసుకుపోతాయి. మూసుకున్నవి మళ్లీ తెరుచుకోవు. ఇక్కడ సరైన మోతాదు అంటూ ఏదీ లేదు.

చీటీలో ఉండాల్సిన మూడు మాటలు

ఏళ్ల తరబడి మందు వాడే పిల్లలకు పదేళ్ల వయసు నుంచి ఎదుగుదల ఆగేదాకా మూడు నెలలకోసారి తూకం చూడటం మంచి పద్ధతి. చీటీ మీద మందు పేరుతో పాటు మూడు విషయాలు రాసి ఉంటే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. ఆ రోజు బరువు, కిలోకు ఎంత లెక్కన ఇస్తున్నారో, దాటకూడని గరిష్ఠం ఎంతో. డాక్టరు రాయకపోతే అడగొచ్చు. బరువు రాయని పాత చీటీతో ఏడాది పాటు మందు కొనడం మంచిది కాదు.

పద్దెనిమిదేళ్లు నిండాక పిల్లల డాక్టరు దగ్గర నుంచి పెద్దల డాక్టరు దగ్గరికి మారతారు. కొత్త డాక్టరుకు ఎదురుగా కనిపించేది ఒక యువకుడు, ఒక మోతాదు. ఆ మోతాదు ఎంత బరువున్నప్పుడు నిర్ణయించారో, ఎదుగుదల ఉరవడిలో పెంచిందో, దాని తర్వాత దించడం మర్చిపోయిందో ఆయనకు తెలిసే దారి లేదు. అందుకే గడిచిన రెండు మూడేళ్ల బరువులూ, ఎత్తులూ, మోతాదు మారిన తేదీలూ, ఎందుకు మార్చారన్న కారణమూ ఒక కాగితం మీద రాయించుకుని తీసుకెళ్లాలి. ఆ కాగితాన్ని అమ్మానాన్నల కన్నా ఆ పిల్లలే దాచుకోవడం మేలు. ఇకమీదట ఆ మాత్ర ఎంత, ఎందుకు అన్నది గుర్తుపెట్టుకోవాల్సింది వాళ్లే.